పాత వస్తువుల సంతలో తొలి కొనుగోలు: గడియారమా, నాణెమా, వెండి చెంచానా, ఇత్తడి సిరాబుడ్డా?

పాత వస్తువులు అమ్మే చోట నేల మీద పరిచిన ఒకే గుడ్డపై ఒక కీ గడియారం, గుప్పెడు నాణేలు, వెండిలా తెల్లగా ఉన్న చెంచాలు, నల్లబడిన ఇత్తడి సామాను పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తగా కొనడం మొదలుపెట్టినవారు వాటిలో తమకు నచ్చినదాన్ని చేతికి తీసుకుని, ఆ తరువాత అది అసలుదో కాదో తేల్చుకోవడానికి ప్రయత్నిస్తారు. నా అనుభవంలో ఈ క్రమాన్ని తిరగవేయడం మేలు. ఏ రకం వస్తువు నిజాన్ని దుకాణం దగ్గర నిలబడే, మన చేతులతో, మన కళ్లతో తేల్చుకోగలమో ముందు తెలుసుకుని, మొదటి ఏడాది ఆ రకానికే పరిమితం కావాలి. ఎంత విలువైనదన్నది, ఎంత అందమైనదన్నది ఆ తరువాతి ప్రశ్నలు. ఈ కొలబద్దతో చూస్తే పై నాలుగు రకాలూ ఒకటి కాదు. వాటి మధ్య తేడా చాలా ఉంది.

పరీక్షకు కావలసిన సరంజామా జేబులో పట్టేంతే. బలమైన చిన్న అయస్కాంతం ఒకటి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి, గ్రాములో పదో వంతు వరకు చూపే జేబు త్రాసు ఒకటి, తెల్లని నూలుగుడ్డ ముక్క, చిన్న స్కేలు, ఒక మూర దారం ఉంటే చాలు. టార్చి ఎలాగూ ఫోనులో ఉంటుంది. వీటికంటే ముఖ్యమైనది పగటి వెలుగు. పసుపు రంగు బల్బు కింద ఇత్తడి మీద పూత, వెండి మీద అరుగుదల, గడియారం ముఖం మీద కొత్త రంగు, మూడూ కంటికి దొరకవు. వస్తువును పందిరి కింది నుంచి రెండడుగులు బయటకు తెచ్చి, ఎండలో కాకుండా నీడలో చూడాలి. ఎండ మెరుపులో గీతలు కలిసిపోతాయి.

గడియారాలు: ఇప్పుడే వద్దు

ఈ నాలుగింటిలో కీ ఇచ్చే పాత చేతి గడియారం అందరినీ ముందు ఆకర్షిస్తుంది. కానీ దాని నిజమంతా లోపల ఉంది, వెనుక మూత తీయనిదే అది తెలియదు. ఒక కంపెనీ యంత్రాన్ని మరో కంపెనీ డబ్బాలో పెట్టి, మూడోచోటి ముల్లులు తగిలించి, ముఖానికి కొత్తగా రంగు వేసి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు విషయమే. విక్రేత గడియారాన్ని ఒకసారి విదిలించి చెవి దగ్గర పెడితే టిక్ టిక్ వినిపిస్తుంది; నూనె ఎండిపోయిన యంత్రం కూడా ఆ కుదుపుకు రెండు మూడు నిమిషాలు నడుస్తుంది కాబట్టి ఆ చప్పుడు దేనికీ రుజువు కాదు. పైగా బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కొన్న ధరను దాటిపోతుంది. 1960ల వరకు చీకట్లో మెరిసే అంకెలకు రేడియం కలిపిన రంగు వాడారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ రంగు ఇప్పుడు మెరవకపోయినా రేడియోధార్మికత పోదు, కాబట్టి అంకెల మీద గోధుమరంగు పెళుసు పొర ఉన్న గడియారాన్ని విప్పడం గానీ గీకడం గానీ చేయకూడదు. తెలిసిన రిపేరుదారు ఎదురుగా మూత తీసి చూపించే వీలున్నప్పుడే ఈ రకం జోలికి వెళ్లడం మంచిది.

నాణేలు: కొలతలు తెలిస్తేనే

నాణేనికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. టంకశాల దాని బరువు, అడ్డుకొలత, లోహపు పాళ్లు ముందే నిర్ణయించి ముద్రించింది కాబట్టి, ఆ అంకెలు మన దగ్గర ఉంటే త్రాసూ స్కేలూ సగం పని చేసేస్తాయి. అయితే దుకాణంలో ఉన్న నూరు రకాల నాణేలలో మనకు అంకెలు తెలిసినవి రెండో మూడో ఉంటాయి, చిక్కంతా అక్కడే వస్తుంది.

మరియా తెరీసా థేలర్ అనే వెండి నాణెం దీనికి మంచి ఉదాహరణ. దాని మీద 1780 అని ఉంటుంది. ఆ రాణి చనిపోయింది ఆ ఏడాదే. కానీ వ్యాపారులలో ఆ నాణేనికి ఉన్న నమ్మకం వల్ల, అదే సంవత్సరాన్ని మార్చకుండా, ఆ తరువాత కూడా అనేక టంకశాలలలో దాన్ని ముద్రిస్తూనే వచ్చారు. అంటే 1780 అని ఉన్న నాణెం నిజమైన వెండిదే అయి, ఏ మోసమూ లేకుండానే, ఇరవయ్యో శతాబ్దంలో ముద్రించినదై ఉండవచ్చు. "చూడండి, రెండు వందల ఏళ్ల పైమాటే" అని విక్రేత చెప్పేది నమ్మి ఆ వయసుకు ధర కట్టకూడదు. వెండికి మాత్రమే ధర కట్టాలి, అందుకు దాని బరువు దాదాపు 28.07 గ్రాములు, వెండి వెయ్యికి 833 పాళ్లు, అడ్డుకొలత సుమారు 40 మిల్లీమీటర్లు అన్నవి తెలిసి ఉండాలి. త్రాసు మీద 24 గ్రాములు చూపిస్తే ఇక మాటలతో పనిలేదు.

బరువు సరిపోయినా అంచు చూడాలి. అసలు నాణేన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా ఒత్తుతారు. నకిలీని తరచుగా కరిగించి పోస్తారు. పోత పోసినదానికి అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన సన్నని గీత, దాన్ని ఆకురాయితో రుద్దేసిన గుర్తు కనిపించవచ్చు. భూతద్దం కింద బొమ్మ, అక్షరాలు లేని చదును భాగంలో సూది మొనంత గుంటలు, అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తబడటం కూడా పోత లక్షణాలే. ఒక్క మాట: నాణేన్ని రుద్ది మెరిపించకూడదు. అలా రుద్దినదాన్ని అనుభవజ్ఞులు చూడగానే పట్టేస్తారు, తిరిగి అమ్మబోతే విలువ పడిపోతుంది.

వెండిలా కనిపించేవి: ముద్రను చదవడం, నీటిలో తూచడం

నేను మోసపోయినది ఇక్కడే. నిజానికి ఆ విక్రేత నాతో అబద్ధమేమీ చెప్పలేదు. "పాతది, ముద్రలున్నాయి, మీరే చూసుకోండి" అన్నాడు. చెంచా కాడ వెనుక చిన్న చిన్న డాలు ఆకారపు గళ్లలో నాలుగు ముద్రలు వరుసగా ఉన్నాయి. వెండి హాల్‌మార్కులు కూడా అలాగే చిన్న గళ్లలో వరుసగా ఉంటాయని విన్నాను కాబట్టి ఆ వరుసను చూసి తృప్తిపడ్డాను, గళ్ల లోపల ఏముందో చదవలేదు. ఇంటికి వచ్చి భూతద్దం పెట్టాక ఒక్కో గడిలో ఒక్కో ఆంగ్ల అక్షరం కనిపించింది: ఇ, పి, ఎన్, ఎస్. విద్యుత్తుతో వెండి పూత వేసిన నికెల్ సిల్వర్ అని దాని అర్థం.

ఈ నికెల్ సిల్వర్‌నే జర్మన్ సిల్వర్ అని కూడా అంటారు. పేరులో వెండి ఉన్నా అందులో వెండి రవ్వంత కూడా లేదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి 1840లో పేటెంట్ వచ్చింది. అప్పటి నుంచి పూత సామాను విరివిగా తయారైంది, దానిలో చాలాభాగం ఇప్పటికి నిజంగానే నూరేళ్ల పైబడినది. కాబట్టి వస్తువు పాతదై ఉండటం ఒక ప్రశ్న, వెండిదై ఉండటం వేరే ప్రశ్న. పాతదని తేలినంత మాత్రాన వెండిదని అనుకోవడమే కొత్తవారు చేసే పొరపాటు, నేను చేసినదీ అదే.

కనుక ముద్ర ఉందా లేదా అన్నది కాకుండా, ముద్ర ఏమంటున్నదో చదవాలి. 925 అన్నా స్టెర్లింగ్ అన్నా వెయ్యికి 925 పాళ్లు వెండి అని, 800 అంటే వెయ్యికి 800 పాళ్లని అర్థం. ఏ1 అన్నది వెండి నాణ్యత కాదు, పూత మందానికి కంపెనీలు ఇచ్చుకున్న తరగతి. ముద్రను కూడా దొంగగా కొట్టవచ్చు కాబట్టి తరువాతి చూపు అరుగుదల మీద ఉండాలి. చెంచాను బల్ల మీద పెడితే ఎక్కడ ఆనుతుందో అక్కడ, అంటే గుంట అడుగున, మొన దగ్గర, కాడ చివర పూత ముందుగా పోతుంది. నీడ వెలుగులో ఆ చోట్లు చుట్టూ ఉన్న తెలుపుకంటే కాస్త పసుపుగానో బూడిదగానో కనిపిస్తే అది పూత వస్తువే. నల్లబడటం మాత్రం దేనికీ గుర్తు కాదు. పూతలోని వెండి కూడా అసలు వెండిలాగే నల్లబడుతుంది. అయస్కాంతం ఇనుమును పట్టిస్తుందే తప్ప జర్మన్ సిల్వర్‌ను పట్టించదు. మంచుముక్క పెడితే వెంటనే కరుగుతుందన్న పరీక్ష గురించి చాలామంది చెబుతారు. వెండి వేడిని బాగా ప్రసరింపజేస్తుందన్నది నిజమే గానీ రాగి కూడా దాదాపు అంతే బాగా ప్రసరింపజేస్తుంది, కాబట్టి రాగి మీద వెండి పూతను ఆ పరీక్ష పట్టుకోలేదు.

పట్టుకోగలిగేది నీళ్లలో తూకం. ముందు చెంచాను మామూలుగా తూచాలి. తరువాత ఒక చిన్న గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయాలి. చెంచాకు దారం కట్టి, గ్లాసు అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా, పూర్తిగా నీటిలో మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములు చెంచా పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు చెంచా 41.4 గ్రాములు ఉండి, నీటిలో వేలాడదీసినప్పుడు త్రాసు 4.0 చూపితే, 41.4ను 4.0తో భాగించగా 10.35 వస్తుంది, స్టెర్లింగ్ వెండి దాదాపు అంతే ఉంటుంది. అదే బరువున్న చెంచాకు త్రాసు 4.8 చూపితే భాగఫలం 8.6, అది జర్మన్ సిల్వర్ దరిదాపుల్లో ఉన్న అంకె. పది దాటడం, తొమ్మిదికి లోపు ఉండటం మధ్య ఎడం ఎంతో ఉంది కాబట్టి చేయి కాస్త వణికినా తీర్పు తారుమారు కాదు. దారాన్ని పట్టుకునేటప్పుడు చెంచాకు అంటుకున్న గాలిబుడగలను ఒకసారి కదిపి వదిలించుకోవాలి. బుడగలుంటే అంకె పెరిగి, మంచి వెండి కూడా పూతలా తేలుతుంది.

ఈ పరీక్ష గట్టి ముక్కకే పనికివస్తుంది. బోలుగా ఉన్న కాడల కత్తులు, లోపల లక్క లాంటి జిగురో సిమెంటో నింపి బరువు పెంచిన కొవ్వొత్తి స్తంభాలు, రాయి పొదిగినవి, కర్ర పిడి ఉన్నవి దీనికి లొంగవు. వాటిని మొదటి ఏడాది వదిలేయాలి. దుకాణం దగ్గర గ్లాసు, నీళ్లు పెట్టి కూర్చోనిచ్చే విక్రేతలు తక్కువే గానీ, బేరం కుదిరాక "ఒక్కసారి తూచి చూస్తాను" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. కాదన్నవారి దగ్గర ఆ చెంచాను పూత ధరకు అడగాలి, వెండి ధరకు కాదు.

ఇత్తడి: మొదలుపెట్టవలసిన చోటు

నాలుగింటిలో కొత్తవారికి నేను చెప్పేది ఇత్తడి. లోహం ధర వెండితో పోలిస్తే తక్కువ కాబట్టి తప్పు జరిగినా నష్టం చిన్నది, పైగా వస్తువు తన చరిత్రనంతా పైకే చూపిస్తుంది. ఇక్కడ తేల్చుకోవలసినవి రెండు: అది నిజంగా ఇత్తడేనా, అది నిజంగా పాతదేనా.

మొదటిది సులభం. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం; అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము ఉంది, పైన ఇత్తడి పూత మాత్రమే ఉందని అర్థం. కీలులోని సీలకో లోపలి కడ్డీకో మాత్రమే అంటుకుంటే కంగారుపడనక్కరలేదు, ఆ భాగాలకు ఇనుము వాడటం మామూలే. అంటుకోనంత మాత్రాన ఇత్తడేనని కూడా కాదు. జింకు ఎక్కువగా ఉన్న చవక పోత లోహం మీద ఇత్తడి రంగు పూసి అమ్ముతారు, దానికీ అయస్కాంతం అంటదు. అది చేతిలో అనుకున్నదానికంటే తేలికగా ఉంటుంది, గోటితో కొడితే మోగకుండా మొద్దుగా చప్పుడవుతుంది, అరిగిన మూలలలో పసుపు కింద బూడిదరంగు తొంగిచూస్తుంది. అనుమానం మిగిలితే నీళ్లలో తూకం ఇక్కడా పనికివస్తుంది: ఇత్తడికి 8.4 నుంచి 8.7 మధ్య వస్తుంది, జింకు పోతకు 7 కంటే తక్కువ వస్తుంది.

రెండో ప్రశ్న దగ్గరే నిదానం కావాలి, ఎందుకంటే కొత్త ఇత్తడిని రసాయనాలతో ఒక్కరోజులో నల్లబరచవచ్చు, ఆకుపచ్చ చిలుము పట్టించవచ్చు. అందువల్ల రంగును చూసి వయసు కట్టకూడదు. వాడుకలో ఉన్న ఇత్తడిని తోమి మెరిపిస్తూనే ఉంటారు కాబట్టి తళతళలాడుతున్నంత మాత్రాన కొత్తది కానక్కరలేదు. రంగు కాకుండా అరుగుదల ఏయే చోట్ల ఉన్నదన్నదే చూడాలి. చేయి తగిలే చోట, మూత తెరిచేటప్పుడు బొటనవేలు ఆనే చోట, బల్లకు ఆనే అంచున అరుగుదల ఉండి, చేయీ గుడ్డా చేరలేని మూలల్లో లేకపోతే ఆ వస్తువును నిజంగా మనుషులు వాడారని తెలుస్తుంది. నకిలీ చేసేవాడు తొందరలో వస్తువునంతా ఒకే రకంగా ముసలిదాన్ని చేస్తాడు.

రెండు సిరాబుడ్లు

ఒకే రోజు, ఎదురెదురు దుకాణాల్లో, దాదాపు ఒకే ఆకారంలో ఉన్న రెండు ఇత్తడి సిరాబుడ్లు నా చేతికి వచ్చాయి. రెండూ అరచేతిలో పట్టేంతవే; నలుపలకల అడుగు, గుండ్రని మెడ, కీలుతో తెరుచుకునే గుమ్మటం లాంటి మూత. మొదటిది నల్లగా, సందుల్లో ఆకుపచ్చగా, చూడగానే ఎంతో పాతదిగా అనిపించింది. రెండోది మామూలు పసుపు రంగులో, ఒక మూల చిన్న సొట్టతో, ఎవరూ పట్టించుకోనట్టు పడి ఉంది. మొదటిదానికి అడిగిన ధర రెండోదానికి రెట్టింపు.

అయస్కాంతం రెండింటికీ అంటలేదు. గోటితో కొడితే రెండూ మోగాయి. అంటే రెండూ ఇత్తడివే, ఆ ప్రశ్న అక్కడితో తీరింది.

తరువాత బోర్లించి అడుగు చూశాను. ఇలాంటి వస్తువుల అడుగు సాధారణంగా మధ్యలో కొద్దిగా లోపలికి పల్లంగా ఉండి, చుట్టూ ఉన్న అంచు మాత్రమే బల్లకు ఆనుతుంది. మొదటి బుడ్డి అడుగునిండా గీతలున్నాయి, పల్లంలో కూడా ఉన్నాయి, అవన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు సాగుతున్నాయి. బల్ల ఎన్నడూ తగలని పల్లంలోకి గీతలు ఎలా వచ్చాయి? గరుకు కాగితంతో రుద్దితేనే అలా వస్తాయి. రెండోదాని పల్లంలో పోత పోసినప్పటి ఇసుక గరుకుదనం అలాగే ఉంది. అంచు మాత్రం నున్నగా అరిగి, భూతద్దం కింద అన్ని దిక్కులకూ సాగిన లెక్కలేనన్ని సన్నని గీతలు కనిపించాయి. నాలుగు మూలలలో ఒకటి మిగతావాటికంటే ఎక్కువ అరిగింది. ఎవరో ఎన్నో ఏళ్లు దాన్ని ఒకే వైపుకు లాక్కుని కలం ముంచి ఉంటారు.

కీలు ఇంకా స్పష్టంగా మాట్లాడింది. వేలసార్లు తెరిచి మూసిన కీలులో సీల చుట్టూ రంధ్రం అరిగి కోలగా మారుతుంది, మూత పక్కలకు కొద్దిగా ఊగుతుంది, మూత అంచు మెడకు తగిలే చోట ఒక మెరిసే చార ఏర్పడుతుంది. రెండో బుడ్డికి ఇవి మూడూ ఉన్నాయి. మొదటిదాని మూత బిగుతుగా, కొత్త పెట్టె మూతలా తెరుచుకుంది. మూతను సగం తెరిచి కీలు రేకుల మధ్యకు టార్చి వేస్తే, బయట ఉన్నంత నలుపే లోపలి మడతలోనూ ఉంది. గాలి, చేతి చెమట అంతగా చేరని ఆ మడతలో లోహం రంగు బయటిదానికి తేడాగా ఉండాలి. వస్తువునంతా ఒకేసారి ద్రవంలో ముంచితేనే ఇంత సమంగా నల్లబడుతుంది.

గుడ్డను కాస్త తడిపి, విక్రేత అనుమతి అడిగి, మొదటి బుడ్డి మెడను రెండుసార్లు తుడిచాను. బూటు పాలిష్ లాంటి నల్లని జిడ్డు వచ్చింది, కింద గులాబీ ఛాయ కలిసిన కొత్త పసుపు కనిపించింది. పాత వస్తువును తుడిచినా మురికి వస్తుంది, కాబట్టి గుడ్డ నల్లబడటం ఒక్కటే నేరం కాదు. నలుపు పోయిన చోట లోహం అప్పుడే గీకినట్టు బయటపడితేనే అనుమానించాలి. రెండోదాన్ని తుడిస్తే గుడ్డకు బూడిదరంగు మురికి అంటింది, లోహం రంగు మారలేదు. దాని మెడ లోపల, వేలు చేరని మలుపులో, ఎండిపోయిన నీలి పొలుసు ఒకటి అంటుకుని ఉంది.

ఇన్ని గుర్తులు రెండోదానివైపు ఉన్నా, దాని అడుగున ఒక స్క్రూ నన్ను ఆపింది. అది ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూ. హెన్రీ ఫిలిప్స్ పేరు మీద ఆ రకం స్క్రూకు పేటెంట్లు వచ్చింది 1936లో. అంతకుముందు వస్తువులో అది ఉండే వీలు లేదు. విక్రేత దాన్ని నూటయాభై ఏళ్లదన్నాడు. స్క్రూ చుట్టూ భూతద్దం పెట్టి చూస్తే, ఆ తలకంటే కాస్త పెద్దదైన గుండ్రని చార లోహం మీద కనిపించింది: అంతకుముందు అక్కడ వెడల్పాటి తల ఉన్న వేరే స్క్రూ ఉండేది, అది పోయాక ఎవరో ఇది బిగించారు. ఆ చార లేకపోయి ఉంటే వస్తువు మొత్తాన్ని 1936 తరువాతిదిగా లెక్కవేసి, అందుకు తగ్గ ధరే ఇచ్చేవాణ్ణి. చార ఉన్నంత మాత్రాన నూటయాభై ఏళ్లని ఒప్పుకున్నానని కాదు. అది మరమ్మతు జరిగిన పాత వస్తువు అనడానికి మాత్రమే ఆధారముంది, అంతకుమించి వయసు చెప్పడానికి లేదు. నేను ఇచ్చిన ధర కూడా అంతవరకే.

ఒక పరిమితి ఇక్కడ చెప్పాలి. పాత వస్తువునే నమూనాగా పెట్టి అచ్చు తీసి మళ్లీ పోత పోసిన వాటిని ఈ గుర్తులతో తేల్చడం కష్టం, ముఖ్యంగా ఆ నకలు కూడా కొన్నేళ్లు వాడుకలో ఉండి ఉంటే. పోత ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది, కాబట్టి 120 మిల్లీమీటర్ల వస్తువు నకలు 118 దగ్గర తేలుతుంది. నగిషీ గీతలు కూడా మొద్దుబారుతాయి. కానీ అసలుదాని కొలత తెలిస్తేనే ఈ తేడా పనికివస్తుంది.

అడిగే తీరు, ధర చెప్పే తీరు

విక్రేతను "ఇది అసలుదేనా" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, దానివల్ల ప్రయోజనం లేదు. "ఇది మీకు ఎక్కడ దొరికింది, దీనితోపాటు ఇంకేం వచ్చాయి, దీనికి ఏమైనా మరమ్మతు చేయించారా" అని అడగాలి. నిజంగా ఒక ఇల్లు ఖాళీ చేసి తెచ్చినవారు వెంటనే మిగతా సామాను చూపిస్తారు, అది అదే కాలపుదై, ఒకే తీరున అరిగి ఉంటుంది. జమీందారు ఇంటిదని, తాతగారిదని చెప్పే కథకు రుజువు లేకపోతే ధరలో దాని వాటా సున్నా. ఒకే నమూనా వస్తువు అదే దుకాణంలో నాలుగు ఉన్నా, పక్క దుకాణంలో కూడా అదే సొట్టతో, అదే చోట చిలుముతో కనిపించినా అవి కొత్త సరుకే. కాబట్టి నచ్చినది దొరికినా ముందు సంతంతా ఒకసారి తిరిగి రావాలి. తవ్వకంలో దొరికిందని చెప్పేదాన్ని, దంతంతో చేసిందని చెప్పేదాన్ని మాత్రం తిరిగి చూడవద్దు. అది అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే చట్టంతో తంటా వస్తుంది.

ధర చెప్పేముందు నేను ఒక లెక్క వేసుకుంటాను: ఇది కొత్తదని రేపు తేలితే, అలంకారానికో వాడకానికో దీనికి నేను ఎంత ఇస్తాను? పరీక్షలన్నీ అనుకూలంగా వచ్చిన వస్తువుకు ఆ మొత్తం మీద కొంత కలుపుతాను, ఒక్కటి కూడా తేలకపోతే ఏమీ కలపను. బేరంలో నేను కనిపెట్టిన లోపాలను గట్టిగా చదివి వినిపించను. విక్రేత కూడా చాలాసార్లు తెలియకే కొని ఉంటాడు, నలుగురిలో చిన్నబుచ్చితే మరుసటి వారం మంచి వస్తువు వచ్చినా మనకు చూపించడు. మొదటి సిరాబుడ్డిని నమస్కారం పెట్టి తిరిగి ఇచ్చాను, రెండోదానికి అడిగినదానిలో మూడింట రెండు వంతులు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చిన ఇత్తడిని ఆ రోజే చింతపండుతోనో పాలిష్‌తోనో తోమేయకండి. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, తడి లేకుండా తుడిచి, ఒక వారం పగటి వెలుగులో ఉంచి రోజూ చూడండి. సంతలో హడావుడిలో కంటికి దొరకని అతుకు, టంకం, ఆకురాయి గుర్తు ఆ వారంలో బయటపడతాయి. వాటి మీదే మీ తరువాతి కొనుగోలుకు కావలసిన కన్ను తయారవుతుంది. పాత అతుకుల్లో సీసం కలిసిన టంకం ఉండే వీలుంది కాబట్టి అటువంటి గిన్నెల్లో వండటం, తాగడం చేయవద్దు. నా సిరాబుడ్డి మెడలోని నీలి పొలుసును నేను ఇంకా తీయలేదు.